రోజూ ఫోను గొడవ లేకుండా బడి పిల్లల సాయంత్రాన్ని ఎలా అమర్చుకోవాలి?

ఒకటి నుంచి ఐదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో ఫోను గొడవ రోజుకు రెండుసార్లు వస్తుంది. ఇవ్వమని అడిగినప్పుడు ఒకసారి, తిరిగి తీసుకునేటప్పుడు ఇంకోసారి. రెండోదే పెద్దది. ఫోను ఏ పని తర్వాత చేతికొస్తుంది, ఏ పనితో ముగుస్తుంది అన్నది ముందే తేలిపోతే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు టీవీ, ఫోను అన్నీ కలిపి రోజుకు రెండు గంటల లోపే ఉండాలని, పడుకునే ముందు గంటసేపు అసలు వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. అది పై హద్దు. బడి ఉన్న రోజున ముప్పావు గంట చాలని నా అభిప్రాయం.

శ్రీకాకుళంలో ఒక ఇల్లు అనుకుందాం. బాబు మూడో తరగతి, పాప ఒకటో తరగతి. తండ్రి చెన్నైలో పని చేస్తూ రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. ఇంట్లో తల్లి, నాన్నమ్మ, అందరికీ కలిపి ఒకటే ఫోను. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ఇంటినే పట్టుకుని చూద్దాం.

ముందు మూడు రోజులు గమనించండి

ఏమీ మార్చకుండా, ఫోను పిల్లల చేతికి ఎప్పుడు వెళ్లింది, ఎందుకు వెళ్లింది అన్నది ఒక కాగితం మీద రాయండి. ఈ ఇంట్లో తేలేది ఇదీ: బడి నుంచి రాగానే నాన్నమ్మ ఇస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన హోంవర్కు చూసుకోమని తల్లి ఇస్తే అది ఆటల్లోకి వెళుతోంది. నాన్నతో మాట్లాడాక ఫోను తిరిగి రావడం లేదు. అంటే పిల్లలు అడిగి తీసుకున్న సమయం కన్నా పెద్దల పనుల మీదుగా జారిపోయిన సమయమే ఎక్కువ.

ఈ దారులు మూయడం తేలిక. హోంవర్కును తల్లే చూసి నోటుపుస్తకంలో రాసిస్తుంది. నాన్న కాల్ వచ్చినప్పుడు ఫోను తల్లి చేతిలోనే ఉంటుంది, పెట్టేసే ముందు తండ్రే “ఇక అమ్మ దగ్గర ఉంచు నాన్నా” అంటాడు. ఆ మాట అటువైపు నుంచి వస్తే పేచీ ఉండదు. నాన్నతో మాట్లాడే సమయాన్ని ముప్పావు గంటలో కలపకండి.

ఫోనుకు రోజులో ఒక చోటు చూపించండి

గడియారాన్ని బట్టి కాకుండా పనుల వరుసను బట్టి పెట్టండి. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని ఏదైనా తినడం, చీకటి పడేదాకా వీధిలో ఆట, తర్వాత హోంవర్కు, ఆ తర్వాత ఫోను, అది పెట్టగానే అన్నం. ఈ ఇంట్లో ఆరుంబావుకు హోంవర్కు మొదలైతే, ఏడింటికి ఫోను, ఏడుముప్పావుకు అన్నం, తర్వాత నాన్న కాల్, తొమ్మిదికి పడక. ఆ రోజు కరెంటు పోయినా, హోంవర్కు ఆలస్యమైనా వరుస మారదు, సమయం కాస్త అటూ ఇటూ అవుతుందంతే.

అన్నానికి ముందు పెట్టడానికి కారణం ఉంది. ఫోను తర్వాత ఏమీ లేకపోతే పిల్లవాడికి లేవడానికి ఆధారం దొరకదు. కంచం పెట్టి ఉంటే, ఆకలి కూడా మీ వైపే ఉంటుంది. ఫోను చూస్తూ తినే అలవాటుంటే ఈ వరుస నిలవదు, కాబట్టి భోజనం దగ్గర ఫోను పెద్దలకూ వద్దు.

ఇద్దరు పిల్లలు ఒకే ఫోను దగ్గర కూర్చుంటే ఏం చూడాలన్న తగువు ఉంటుంది. గోడ క్యాలెండర్‌లో ఒక్కో తేదీ గడిలో ఒకరి పేరు మొదటి అక్షరం రాయండి. ఆ రోజు ఎంపిక వారిది. నెలంతా ఒకేసారి రాసేస్తే ఎవరి వంతు అన్న ప్రశ్న మీ దగ్గరికి రాదు, గోడ దగ్గరికి వెళుతుంది.

ముగింపును నిమిషాల్లో కాక భాగాల్లో చెప్పండి

ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి “ఇంకో పది నిమిషాలు” అన్నది అంత బాగా అందదు. “మూడు కార్టూన్ భాగాలు” అంటే అందుతుంది, ఎందుకంటే భాగం పూర్తవడం వాడికీ కనిపిస్తుంది. కథ మధ్యలో ఫోను లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది. అందుకే ఒకదాని వెంట ఒకటి వచ్చి పడే చిన్న చిన్న వీడియోలను ఈ ముప్పావు గంటలో పూర్తిగా ఆపేయమంటాను. వాటికి ముగింపు లేదు, ఆగడానికి మెట్టు ఉండదు. యూట్యూబ్‌లో వీడియో పైభాగంలో కనిపించే Autoplay మీటను కూడా ఆపేయండి, తర్వాతి భాగం దానంతట అది మొదలవదు.

ఫోనులోని టైమర్ల గురించి ఒక మాట. సెట్టింగ్స్‌లోని Digital Wellbeing లో యాప్‌కు సమయం పెట్టవచ్చు, కానీ అందరూ వాడే ఫోనులో తల్లి చూసిన సమయం కూడా అందులోనే కలిసిపోతుంది. YouTube Kids లో తాళం గుర్తు నొక్కితే వచ్చే Timer ఈ ఇంటికి బాగా సరిపోతుంది. అయితే ఆ తాళం తెరవడానికి గుణకారం లెక్క అడుగుతుంది. మూడో తరగతి బాబుకు ఎక్కాలు వచ్చేసి ఉంటాయి! అక్కడ మీ సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి. టైమర్‌ను మూడు భాగాలకు పట్టే సమయం కన్నా ఐదు నిమిషాలు ఎక్కువ పెట్టండి, లేకపోతే కథ మధ్యలో ఆగిపోతుంది.

చివరి భాగం మొదలయ్యేటప్పుడు వంటింట్లోంచి కేక వేయకండి. పక్కన వచ్చి కూర్చుని, తెర మీద ఏం జరుగుతోందో ఒక ప్రశ్న అడిగి, “ఇది చివరిది, అయిపోగానే అన్నానికి లేవాలి” అనండి. భాగం అయ్యాక ఫోను మీరు తీసుకోవద్దు. పిల్లవాడే ఆపి, తన చేత్తో చార్జర్ దగ్గర పెట్టాలి. తానే పెట్టిన వస్తువు మీద పేచీ తక్కువ.

మొదటి వారం గట్టిగా నిలబడాలి

కొత్త పద్ధతి మొదలైన మొదటి నాలుగైదు రోజుల్లో ఏడుపు పెరుగుతుంది. పద్ధతి విఫలమైందని దాని అర్థం కాదు. ఇన్నాళ్లూ పదిసార్లు కాదని, పదకొండోసారి ఏడుపు భరించలేక ఇచ్చి ఉంటాం. ఎంత ఏడిస్తే దొరుకుతుందో పిల్లవాడికి తెలుసు, ఇప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువ ప్రయత్నిస్తాడు. అప్పుడు ఇస్తే ఆ కొత్త కొలతే స్థిరపడుతుంది. తిట్టవద్దు, ఉపన్యాసం వద్దు, “రేపు నీకు ఫోనే లేదు” అన్న బెదిరింపు అసలే వద్దు. రేపు ఖాయంగా వస్తుందన్న నమ్మకమే ఈ రోజు పెట్టేయడానికి వాడికి బలం. “రేపు హోంవర్కు కాగానే వస్తుంది” అని ఒక్కసారి చెప్పి కంచం దగ్గరికి నడవండి.

నాన్నమ్మతో ఈ మాట పిల్లల ముందు కాకుండా ముందే మాట్లాడాలి. “అత్తయ్యా, అడిగితే ఇవ్వకండి” అని ఊరుకుంటే ఆవిడకు పిల్లల ముందు చెడ్డపేరే మిగులుతుంది. బడి నుంచి వచ్చాక తినిపించడం, వీధిలో ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూసుకోవడం ఆవిడ వంతు అనండి. ఫోను అడిగితే ఆవిడ క్యాలెండర్ వైపు చూపిస్తే చాలు.

రెండు వారాలయ్యాక కూడా రోజూ అదే స్థాయిలో ఏడుపు ఉంటే, ఎవరో ఎక్కడో మధ్యలో ఇస్తున్నారనే అనుకోండి, కాగితం మళ్లీ తీయండి. అలాంటిదేమీ లేకుండానే నిద్ర పాడవడం, ఆటలకు వెళ్లనని మొండికేయడం, కొట్టడం, వస్తువులు విసరడం కొనసాగితే పిల్లల డాక్టరుకు చూపించాలి.

పండుగకు చుట్టాలొచ్చినప్పుడు వరుస చెదురుతుంది, చెదరనివ్వండి. బడి తెరిచిన రోజు నుంచి మళ్లీ మొదలని ముందే చెప్పి ఉంచండి. వేసవి సెలవుల్లో మాత్రం హోంవర్కు, బడి రెండూ ఉండవు కాబట్టి కొత్త వరుస కావాలి. మధ్యాహ్నం ఎండలో ఎలాగూ బయటికి పంపలేం, అన్నం తిన్నాక ఒక గంట అప్పుడు ఇచ్చి, ఎండ తగ్గగానే వీధిలోకి పంపితే సాయంత్రం ఫోను ఊసు ఉండదు.