ప్రయాణంలో మలబద్ధకం: నాకు పనిచేసిన పద్ధతి

సికింద్రాబాద్ నుంచి కాశీకి రైలులో వెళ్లినప్పుడల్లా నాకు మలబద్ధకం వచ్చేది. తిండి మారడమే కారణమని ఇంట్లో పెద్దలు అనేవారు. అది కొంతవరకే నిజం. ఉదయం ఏదైనా తిన్న తర్వాత పెద్దపేగు సహజంగానే బలంగా కదులుతుంది. రైలులో సరిగ్గా ఆ వేళకే మరుగుదొడ్డి ముందు జనం నిలబడి ఉంటారు కాబట్టి ఆపుకుంటాం. కాసేపటికి ఆ ఒత్తిడి తగ్గినట్లే ఉంటుంది గానీ, లోపల నిలిచిన మలంలోని నీటిని పేగు పీల్చుకుంటూనే ఉంటుంది; మరునాటికి అది మేకపెంటికల్లా గట్టిపడుతుంది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం, పూరీలు, బిస్కెట్లతోనే సరిపెట్టుకోవడం దీన్ని మరింత పెంచుతాయి.

అందుకే ఇప్పుడు తెల్లవారకముందే లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, రెండు అరటిపండ్లు తిని, రద్దీ మొదలయ్యేలోపే మరుగుదొడ్డికి వెళ్తున్నాను. బస చేరాక రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్‌ను పెద్ద గ్లాసు నీటిలో కలిపి, చిక్కబడకముందే తాగి, మరో గ్లాసు నీళ్లు తాగుతాను. నీరు చాలకపోతే అదే పేగులో ముద్దకట్టి అడ్డుపడగలదు. దీని ప్రభావం కనిపించడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు కనుక మర్నాడే మోతాదు పెంచను.

కడుపు ఉబ్బి, వాంతులతో పాటు అపానవాయువు కూడా ఆగిపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇసబ్‌గోల్ తీసుకోకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.