వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న విత్తడం ఎలా?

కృష్ణా డెల్టా నల్లమట్టి మాగాణుల్లో వరి తరువాత దున్నకుండా మొక్కజొన్న వేయడం బాగా తెలిసిన పద్ధతే. కావలసినవి కొద్దిగానే: పళ్లున్న ఇనుప చక్రం, ఎకరాకు 8 కిలోల విత్తనం, స్ప్రేయరు, తాడు. వరుసల మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 20 సెం.మీ. ఉంచితే ఎకరాకు 33 వేలకు పైగా మొక్కలు పడతాయి. పంట పాడయ్యేది పదును తప్పినప్పుడు, విత్తు గుంత సరిగా మూయనప్పుడు.

ముందు గడ్డి సంగతి. కోత యంత్రం గడ్డిని బారుగా వదిలేస్తుంది. దాన్ని తగలబెట్టకుండా కోసిన రోజే చేనంతా సమంగా పరచాలి. ఎంత కప్పిందో కంటి అంచనాతో చెప్పకూడదు. 20 మీటర్ల తాడుకు 20 సెం.మీ.కి ఒక ముడి చొప్పున 100 ముడులు వేసి, కొయ్యకాళ్ల వరుసలకు ఏటవాలుగా చాపండి. గడ్డి మీద పడిన ముడులెన్నో లెక్కపెట్టండి. మూడు చోట్ల 42, 58, 50 వస్తే సగటు 50 శాతం. 30 శాతానికి తగ్గితే దాన్ని సంరక్షణ సేద్యం అనడానికి వీల్లేదు.

ఇక పదును. 5 సెం.మీ. లోతు నుంచి మట్టి తీసి ఉండ కట్టండి. మెరుస్తూ చేతికి అంటుకుంటే ఇంకా తడి ఎక్కువ, ఆగాలి. బొటనవేలితో నొక్కగానే ఉండ చిన్న ముక్కలుగా విడిపోతే విత్తవచ్చు. నేల నెర్రెలిచ్చిందంటే ఆలస్యమైనట్టే. ముందు తేలికపాటి తడి ఇచ్చి, మళ్లీ పదును వచ్చాక విత్తాలి.

తొందరపడి తడి మట్టిలో చక్రం తిప్పితే గుంత గోడ నున్నగా మెత్తుకుపోతుంది. ఆ గోడను లేత వేరు చీల్చుకుని పోలేక గుంతలోనే చుట్టుకుంటుంది. నల్లమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కనుక గుంత నోరు తెరుచుకుని విత్తనం బయటపడుతుంది. దమ్ము చేసినప్పుడు మట్టి కణికలు చితికిపోయి కింద గట్టి పొర ఏర్పడి ఉంటుంది. ఆ పైన గుంత గోడ కూడా గట్టిపడితే వేరుకు దారే ఉండదు.

గుంత లోతు 4 నుంచి 5 సెం.మీ. చాలు. చక్రం పన్ను గడ్డిపరకను మడిచి గుంతలోకి తోసిందేమో ప్రతి వరుసలోనూ చూడండి. విత్తనం గడ్డి మీద కూర్చుంటే దానికి మట్టి తగలదు, నీరు అందదు. ఆ గడ్డిని లాగేసి విత్తనం వేయండి. మూసేటప్పుడు పైనుంచి తొక్కకుండా, పక్కనుంచి మడమతో మట్టిని గుంతలోకి నొక్కాలి. మట్టి కదలకపోతే పొడిమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి గుంత నింపండి. వారం పది రోజులకు మొలక రాని చోట తవ్వి చూడండి. విత్తనం ఉబ్బకుండా పొడిగా ఉంటే మూత తప్పు, కుళ్లితే తడి ఎక్కువ, అసలు లేకపోతే పక్షులో ఎలుకలో తీసుకుపోయాయి.

తడి నేలను దున్ని, పెళ్లలు ఆరేదాకా ఆగి, వాటిని పగలగొట్టి విత్తేవారు ఈలోగా నేలలో ఉన్న తేమనే పోగొట్టుకుంటారు. దున్నని చేలో గడ్డి కప్పు ఎండను, గాలిని ఆపి ఆ తేమను నిలుపుతుంది. అందుకే ఈ పద్ధతే మేలు.

కలుపు విషయంలో మాత్రం అజాగ్రత్త పనికిరాదు. దున్నకపోతే లోతున ఉన్న కలుపు విత్తనాలు పైకి రావు కానీ, పైపొరలోనివన్నీ ఒకేసారి మొలుస్తాయి. వాటితోపాటు వరి దుబ్బులు పిలకలేస్తాయి. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, మొక్కజొన్న మొలవకముందే ఎకరాకు 200 లీటర్ల నీటిలో లీటరు పారాక్వాట్ 24 శాతం, ఒక కిలో అట్రజిన్ 50 శాతం పొడి కలిపి పిచికారీ చేస్తారు. అట్రజిన్ మొలవబోయే కలుపును ఆపుతుంది. గడ్డి దాన్ని కొంత పట్టేసుకుంటుంది కాబట్టి నీరు తగ్గించకండి, నేల తేమగా ఉన్నప్పుడే కొట్టండి. పారాక్వాట్ పచ్చగా ఉన్నదాన్ని మాడ్చడం తప్ప మరేమీ చేయదు. దాని విషానికి విరుగుడు మందు లేదు. చేతి తొడుగులు, ముఖానికి రక్షణ లేకుండా కలపకండి. మీ ప్రాంతంలో దానికి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. తుంగ, గరిక ఏటేటా పెరుగుతుంటే దుంపలు, వేరుకాడలు చావడం లేదని అర్థం. ఈ రెండు మందులతో అవి పోవు.

యూరియాను గడ్డి మీద చల్లకండి. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తీసుకుంటాయి, పైరు పసుపు తిరుగుతుంది. మొక్కకు 5 సెం.మీ. పక్కన గుంత తీసి వేసి మూయాలి.

నేల గుల్లబారడం ఒక్క రబీతో జరిగేది కాదు. పాత వరి వేళ్ల దారులు, వానపాముల బొరియలు నిలవాలంటే కొన్నేళ్లు కదపకుండా ఉంచాలి. ఖరీఫ్‌లో మళ్లీ దమ్ము చేస్తే అవి చెదిరిపోతాయి. కాబట్టి నిజంగా మార్పు చూడాలంటే వరిని కూడా దమ్ము లేకుండా నేరుగా విత్తిన మడిని ఎంచుకోండి. మట్టి నమూనాను 0 నుంచి 5, 5 నుంచి 15 సెం.మీ. లోతుల్లో విడివిడిగా తీయండి. దున్నని నేలలో సేంద్రియ కర్బనం, భాస్వరం పైపొరలోనే పేరుకుంటాయి కాబట్టి, కలిపి తీస్తే ఆ తేడా కనబడదు.