అత్తింటికి మెసేజ్ పెట్టేటప్పుడు మర్యాద ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచూసుకోవాలి?

పెండ్లయిన కొత్తలో మా మామ ప్రొద్దుటూరులో బస్సెక్కి కర్నూలుకు మా ఇంటికి వస్తున్నారు. ఎంతవరకు వచ్చినారో కనుక్కుందామని ‘మామా ఎక్కడ ఉన్నారు’ అని మెసేజ్ పెట్టినాను. పెట్టినాననుకున్నాను. వేలు ఎక్కడ తగిలిందో ఏమో, మధ్యలో ఒక ఖాళీ పడి, ‘రు’ కాస్తా ‘రా’ అయి ‘మామా ఎక్కడ ఉన్నా రా’ అని పోయింది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, ‘ఏమ్మా, పోలీసోళ్ల మాదిరి ఎక్కడున్నా రమ్మన్నావే, అందుకే వచ్చేసినా’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

తెలుగులో మర్యాద క్రియ తోకలో ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది. ‘వు’ అంటే నువ్వు, ‘రు’ అంటే మీరు. ఎదురుగా మాట్లాడేటప్పుడు గొంతు, నవ్వు, తల వంచడం కలిసి ఆ తోకను కాపాడతాయి. మన సీమలో ‘ఏం మామా, తిన్యావా’ అని ప్రేమగా అడిగితే తప్పు పట్టేవాళ్లు తక్కువ. అదే మాట ఫోన్‌లో చదివితే గొంతు ఉండదు, తోక ఒక్కటే మిగులుతుంది.

మొదట పిలుపు తేల్చుకోండి. దీనికి ఆలోచన అక్కర్లేదు, చెవి చాలు. ఆ ఇంట్లో మీకంటే ముందు అడుగుపెట్టిన తోడికోడలో, పెద్దల్లుడో ఏమని పిలుస్తున్నారో రెండు రోజులు వినండి. ‘అత్తమ్మా’ అంటారా, ‘అత్తా’ అంటారా, ‘అమ్మా’ అనే అంటారా అన్నది ఇంటింటికీ మారుతుంది. ‘అత్తగారూ, మామగారూ’ అని రాయాల్సిన పని చాలా ఇండ్లలో ఉండదు. మన వైపు అది పెండ్లిపత్రిక భాష. వియ్యాలవారికి, దూరపు పెద్దలకు ‘గారు’ బాగుంటుంది. రోజూ ఉగ్గాని వడ్డించే అత్తకు పెడితే ఏదో కోపంలో ఉన్నట్టు ఉంటుంది. పైగా చాలామంది ‘గారు’ తగిలించి మర్యాద అయిపోయిందనుకుని, తోక వదిలేస్తారు. ‘మామగారూ, తిన్నావా’ కంటే ‘మామా, తిన్నారా’ వెయ్యి రెట్లు నయం.

తర్వాత మీరా, నువ్వా అన్నది తేల్చుకోవాలి. ఏదనుకుంటే అది చివరిదాకా నిలబడాలి. సాధారణంగా మొదటి వాక్యం ‘బాగున్నారా’ అని మొదలై, నాలుగో వాక్యానికి ‘పంపించు’ అయిపోతుంది. అందుకే పంపేముందు ప్రతి వాక్యం చివరి మాట ఒక్కటే చూడండి. మొత్తం చదవనక్కర్లేదు.

ఏదీ తేలకపోతే? దానికి మన భాషలోనే ఒక దారి ఉంది. కొన్ని క్రియలకు నువ్వు, మీరు తేడా పట్టదు. ‘భోజనం అయిందా?’, ‘ఇల్లు చేరడం అయిందా?’, ‘జ్వరం తగ్గిందా?’ అన్నవాటిలో తోక భోజనానికో జ్వరానికో పోతుంది గానీ మనిషికి తగలదు. ‘మొన్న ఫోన్ చేయలేదు’ అన్నా అంతే, నువ్వుకూ మీరుకూ ఒకే రూపం. కొత్త కోడళ్లు మొదటి నెల అంతా తెలియకుండానే ఇట్ల నెట్టుకొస్తారు. కానీ ఏదైనా చేయమని చెప్పాల్సి వచ్చిన రోజు ఇది పనికిరాదు. అక్కడ ‘పెట్టు’ అనో ‘పెట్టండి’ అనో తేల్చాల్సిందే.

ఇంకొకటి, పట్టుబడేదాకా నేనూ గమనించలేదు. ఎదుటి మనిషిని మీరు అంటాం సరే, మెసేజ్‌లో మూడో మనిషి సంగతి వచ్చినప్పుడు? మా ఫ్యామిలీ గ్రూపులో నేను ‘మామ వచ్చినారు, అత్తమ్మ పండుకునింది’ అని పెట్టినాను. మామకు ‘రు’, అత్తమ్మకు ‘ది’. తెలుగులో ఆమెకూ బస్సుకూ క్రియ ఒకటే: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. మాట్లాడేటప్పుడు ఇది అలవాటు, ఎవరూ అగౌరవంగా తీసుకోరు. కానీ ఇద్దరినీ ఒకే వరుసలో పక్కపక్కన రాస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా పెద్ద ఆడబిడ్డ వెంటనే ‘మా అమ్మకు రు లేదా వదినా?’ అని పెట్టింది. (చూశారా, ఇప్పుడు ఆమెకూ ‘పెట్టింది’ అనే రాసినాను. పెట్టినారు.) మీ అమ్మ గురించి ‘మా అమ్మ చెప్పింది’ అని రాయడంలో తప్పేమీ లేదు, అత్తకు మాత్రం ‘చెప్పినారు’ అని రాయండి.

ఇప్పుడు ఒక మెసేజ్ తీసుకుందాం. మామను కంటి పరీక్షకు కర్నూలు తీసుకురమ్మని అత్తకు చెప్పాలి. తొందరలో రాసింది ఇది:

‘అత్తమ్మా రేపు పొద్దున్నే బయలుదేరు. మామ షుగర్ మాత్రలు మర్చిపోకు. వదిన కూడా వస్తా అనింది. బస్సెక్కినాక మెసేజ్ పెట్టు.’

ఇందులో తిట్టు లేదు, కానీ నాలుగు వాక్యాల్లో మూడు హుకుములు. ‘బయలుదేరండి, మర్చిపోకండి, పెట్టండి’ అని తోకలు మారిస్తే మీరు వస్తుంది గానీ హుకుం పోదు. ‘మర్చిపోకండి’లో అయితే, ‘మీరు మర్చిపోయే మనిషే’ అన్న మాట కూడా దాగి ఉంది. ఇట్ల తిరగరాస్తే:

‘అత్తమ్మా, భోజనాలయినాయా? రేపు ఆరు గంటల బస్సుకు బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకుంటారు. మామ షుగర్ మాత్రలు సంచిలో పెట్టుకోండి. వదిన కూడా వస్తానన్నారు. బస్సెక్కినాక ఒక మాట చెప్తే ఆయన బస్టాండుకు వస్తారు.’

‘బయలుదేరితే’, ‘చెప్తే’ అన్నప్పుడు పని చెప్పినట్టే ఉంటుంది, ఆజ్ఞ ఉండదు. చేయమనే మాట ఒక్కచోటే మిగిలింది, మాత్రల దగ్గర. అది గట్టిగా ఉండాల్సిన చోటే. ఇదంతా చూసి ‘పంపగలరు, తెలియజేయగలరు’ అని మాత్రం రాయొద్దు. అది కరెంటు ఆఫీసు నోటీసు.

అల్లుళ్లకు ఒక్క మాట. మన వైపు చాలా ఇండ్లలో అత్త తనకంటే ఎంతో చిన్నవాడైన అల్లుణ్ణి కూడా మీరు అంటుంది. అది చూసి, మీరే పెద్దయినట్టు నువ్వులోకి దిగొద్దు. ‘నన్ను నువ్వు అనండి అత్తమ్మా’ అని ఒకసారి చెప్పి వదిలేయండి, ఒప్పుకోకపోతే ఆమె ఇష్టం.

ఇక మేనరికాల సంగతి వేరే. మేనత్త కొడుకునో, మేనమామనో చేసుకున్నవాళ్లకు అత్త, మామ పుట్టినప్పటినుంచీ నువ్వే. మా తోడికోడలు మా అత్తకు సొంత మేనకోడలు. గ్రూపులో ఆమె ‘అత్తా తిన్యావా’ అంటుంది, నేను ‘అత్తమ్మా తిన్యారా’ అంటాను, రెండూ చెల్లుతాయి. నన్ను చూసి ఆమె పోయిన ఉగాదికి ‘అత్తా, ఓళిగలు చేసినారా’ అని పెట్టింది. అత్తమ్మ వెంటనే ఫోన్ చేసి, ‘ఏమే, నేనేం తప్పు చేసినా? మీరు అంటాండావ్?’ అని అడిగినారు. అప్పటినుంచి ఆమె ఇంటి గ్రూపులో నువ్వుకే ఉంది, వియ్యాలవారు ఉన్న పెండ్లి గ్రూపులో మాత్రం మీరు రాస్తుంది.