మృగశిరకు ముందు గుట్ట వాలుపై షాట్‌క్రీట్: తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో రోడ్డు కోసమో ఇంటి కోసమో గుట్టను తవ్విన చోట పైన మొరం, దాని కింద శిథిలమైన గ్రానైటు బయటపడతాయి. వానలు మొదలయ్యేలోపు ఆ వాలును షాట్‌క్రీట్‌తో, అంటే గాలి ఒత్తిడితో చల్లే కాంక్రీటుతో, కప్పాలని పని మే నెలలో పెట్టుకుంటారు. అంటే ఏడాదిలోనే అత్యంత వేడిగా ఉండే రోజుల్లో, అదీ తొందరలో, పలుచని కాంక్రీటు పొరను వేస్తున్నామన్నమాట. ఇక్కడ ఎక్కువగా వాడే పొడి పద్ధతిలో సిమెంటు, ఇసుక, చిన్న కంకర కలిపిన పొడి మిశ్రమం గాలి ఒత్తిడితో గొట్టంలో వస్తుంది, నీళ్లు నాజిల్ దగ్గరే కలుస్తాయి. కాబట్టి నీళ్లు ఎన్ని కలవాలో నిర్ణయించేది నాజిల్ పట్టుకున్న మనిషే. అనుభవం లేనివారికి ఆ పని అప్పగించవద్దు.

చల్లే ముందు వదులు మట్టిని, కదిలే రాళ్లను పూర్తిగా తీసివేయాలి. వాలును తడపాలి గానీ నీరు కారుతుండగా చల్లకూడదు. ఇనుప తీగల మెష్‌ను రాతిలో దిగ్గొట్టిన కడ్డీలకు కదలకుండా కట్టాలి. మెష్ ఊగితే దాని వెనక ఖాళీలు మిగులుతాయి. వెనక చేరే నీరు బయటికి రావడానికి పెట్టే వీప్‌హోల్ గొట్టాలను బయటి వైపు కొద్దిగా వాలుగా అమర్చి, చల్లేటప్పుడు మూతికి గుడ్డ కుక్కి, పని కాగానే మరచిపోకుండా తీసివేయాలి.

రీబౌండ్ గురించి ముందే లెక్క వేసుకోవాలి. వాలుకు తగిలి వెనక్కి ఎగిరి పడే భాగం పొడి పద్ధతిలో నిలువు గోడలపై సాధారణంగా 15 నుంచి 30 శాతం వరకు, సొరంగం కప్పుపై అంతకంటే ఎక్కువ ఉంటుంది. 200 చదరపు మీటర్ల వాలుపై 75 మిల్లీమీటర్ల మందం వేయాలనుకుందాం. గోడపై నిలవవలసినది 15 ఘనపు మీటర్లు. నాలుగో వంతు రాలిపోతుందనుకుంటే 20 ఘనపు మీటర్లు చల్లాలి. కాంట్రాక్టరు 15కే సామాను తెచ్చి పని ముగిస్తే గోడపై నిలిచేది 56 మిల్లీమీటర్లే, పైకి చూస్తే మాత్రం అంతా నిండుగానే కనిపిస్తుంది. అందుకే చల్లకముందే మందం కొలిచే మేకులను అక్కడక్కడ నాటించి, అవి కనుమరుగయ్యాయో లేదో స్వయంగా చూసుకోవాలి.

రాలిపోయేది ముఖ్యంగా కంకర, ఇసుక. అందువల్ల గోడపై మిగిలే కాంక్రీటులో సిమెంటు పాలు పెరిగి, ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోయి పగుళ్లు ఇస్తుంది. నాజిల్‌ను వాలుకు లంబంగా, సుమారు మీటరు దూరంలో ఉంచి చిన్న చుట్లు తిప్పుతూ, కింది నుంచి పైకి చల్లితే రీబౌండ్ తగ్గుతుంది. ఉపరితలం మీద సన్నని తడి మెరుపు కనిపిస్తే నీళ్లు సరిపోయినట్టు, దుమ్ము లేస్తూ కంకర ఎగురుతుంటే తక్కువైనట్టు, పొర జారుతుంటే ఎక్కువైనట్టు. కింద పడినదాన్ని పారతో ఎత్తి మళ్లీ యంత్రంలో పోయడం ఒప్పుకోవద్దు. అందులో సిమెంటు సరిపడా ఉండదు, అప్పటికే నీళ్లు తగిలి గట్టిపడడం మొదలై ఉంటుంది. వాలు అడుగున, మెష్ మూలల్లో పేరుకున్నదాన్ని అప్పటికప్పుడే తీసివేయకపోతే దానిమీదే కొత్త పొర పడి, లోపల ఇసుక గూళ్లు మిగిలిపోతాయి.

గొట్టం మూసుకుపోతే గాలి పూర్తిగా ఆపి, ఒత్తిడి దిగిన తర్వాతే జాయింటు విప్పాలి. నాజిల్ ఎదుట ఎవరినీ నిలబడనీయకూడదు. కళ్లద్దాలు, దుమ్ము వడకట్టే మాస్కు, చేతి తొడుగులు లేకుండా పని మొదలుపెట్టనీయవద్దు.

క్యూరింగ్ విషయంలో రాజీ పడడానికి వీల్లేదు. 75 మిల్లీమీటర్ల పొరకు బయటి వైపంతా వడగాలి తగులుతుంది కాబట్టి, మామూలు స్లాబు కంటే చాలా త్వరగా ఆరిపోతుంది. చల్లడం తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపడం మేలు. సాయంత్రం గాలివాన వచ్చే సూచన ఉన్నా అదే పద్ధతి, ఎందుకంటే పచ్చి పొరలోని సిమెంటును వాన కడిగేస్తుంది. నీళ్లు పోసినా ఉపరితలం చెదరనంతగా గట్టిపడగానే తడపడం మొదలుపెట్టి, కనీసం 7 రోజులు ఎడతెగకుండా తడిగా ఉంచాలి. రోజుకు రెండుసార్లు పైపుతో కొట్టిన నీళ్లు వాలు మీద నిలవవు, అరగంటలో ఆరిపోతాయి. పైఅంచు నుంచి గోనెపట్టాలు వేలాడదీసి, అంచు వెంట చిల్లులు పెట్టిన పైపు పరచి, నీరు బొట్లుగా దిగుతూ ఉండేలా చేయాలి. తడిసి ఆరి, ఆరి మళ్లీ తడిస్తే పగుళ్లు మరింత పెరుగుతాయి. క్యూరింగ్ కాంపౌండ్ పూయాలనుకుంటే ఆపైన మరో పొర వేయడం లేదని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే అది పొరల మధ్య పట్టును చెడగొడుతుంది. ఈ 7 రోజులూ మృగశిరకు ముందే పూర్తయ్యేలా చూసుకుంటే మే నెలాఖరులోగా చల్లడం ముగించాలి.

క్యూరింగ్ అయ్యాక సుత్తితో వాలంతా తట్టి చూడండి. ఖణేల్‌మనే చోట పొర రాతిని పట్టుకుంది. బోలుగా మోగిన చోట సున్నంతో గుర్తు పెట్టించి, గట్టి కాంక్రీటు తగిలేవరకు తవ్వించి, తడిపి, మళ్లీ చల్లించాలి. మొదటి పెద్ద వాన తర్వాత వీప్‌హోళ్లన్నీ చూడాలి. ఒక గొట్టం పొడిగా ఉండి, దాని చుట్టూ కాంక్రీటు మీద తడి మచ్చ కనిపిస్తే ఆ గొట్టం మూసుకుపోయిందని, నీరు పొర వెనక నిలుస్తోందని అర్థం, దాన్ని ఆ రోజే కడ్డీతో పొడిచి తెరిపించాలి.