పాలసీల అనువాదం నేర్చుకుందాం – 4వ పాఠం: సమ్మతి వాక్యం

పోయిన పాఠంలో యాప్‌ల ప్రైవసీ పాలసీలకు పదకోశం తయారు చేసుకున్నాం. చివర్లో ఒక వాక్యం ఇచ్చి అనువదించమన్నాను: “వి మే షేర్ యువర్ డేటా విత్ అవర్ పార్ట్‌నర్స్.” ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ దాన్ని “మీ డేటాను మా భాగస్వాములతో పంచుకోవచ్చు” అనే రాశాను. క్లయింటుకు పంపేముందు మా పిన్ని చేతికి ఫోన్ ఇచ్చి చదవమన్నాను. చదివి, “పంచుకోవచ్చు అంటున్నాడుగా, మనకిష్టం లేకపోతే మానెయ్యొచ్చు” అంది. కంపెనీ తనకోసం ఉంచుకున్న వెసులుబాటు ఆవిడకు తన ఇష్టంలా కనిపించింది.

తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. మామూలు రాతలో అది అందం, పాలసీలో మాత్రం ప్రమాదం. పైగా ‘వచ్చు’ అనే మాటకు మూడు అర్థాలున్నాయి. లోపలికి రావచ్చు అంటే అనుమతి. వాన పడవచ్చు అంటే అవకాశం. ఈ దారిన వెళ్లొచ్చు అంటే వీలు. అందుకే ‘మే’ కనిపించగానే ముందు కర్తను రాయండి, తర్వాత అర్థం తేల్చుకోండి. “కొన్ని సందర్భాల్లో మేము మీ డేటాను మా భాగస్వామ్య సంస్థలకు ఇస్తాం” అంటే ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలుస్తుంది. ఆ సందర్భాలేమిటో ఇంగ్లీషు మూలంలో లేకపోతే మీరు ఊహించి రాయకండి. క్లయింటును అడగండి. ‘షేర్’ను కూడా గమనించండి. ‘పంచుకోవడం’లో ఆప్యాయత ఉంది, కష్టసుఖాలు పంచుకున్నట్టు. ఇక్కడ జరిగేది ‘ఇవ్వడం’.

ఇక ఈ పాఠం అసలు విషయానికి, సమ్మతికి వద్దాం. మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇచ్చినదై ఉండాలని, అదీ స్పష్టమైన చర్యతో ఇవ్వాలని 6వ సెక్షన్ చెబుతుంది. సమ్మతి అడిగే వాక్యాలను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే తెలుగు పాఠం చదివి ఒకరు సమ్మతి ఇస్తే, వారికి విషయం తెలిసిందా లేదా అన్నది మన వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది. ఈ చట్టం కింద రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుకు, సమ్మతికి సంబంధించిన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు కాబట్టి కంపెనీలు ఇప్పుడు ఈ పని మీదే ఉన్నాయి.

ఒక టెలిమెడిసిన్ యాప్ తీసుకుందాం. మూలం ఇలా ఉంది: “బై ట్యాపింగ్ ఐ అగ్రీ, యూ కన్సెంట్ టు అవర్ ప్రాసెసింగ్ యువర్ పర్సనల్ డేటా, ఇన్‌క్లూడింగ్ హెల్త్ డేటా, టు ప్రొవైడ్ అవర్ సర్వీసెస్.” తొందరపడితే వచ్చే తెలుగు ఇది:

“ఐ అగ్రీ నొక్కడం ద్వారా మా సేవలను అందించడానికి ఆరోగ్య డేటాతో సహా మీ వ్యక్తిగత డేటాను భద్రపరచి ప్రాసెస్ చేయడానికి మీరు సమ్మతి ఇచ్చినట్లు పరిగణించబడుతుంది.”

వాక్యం పొడవు అందరికీ కనిపించే లోపమే. దాన్ని అలా ఉంచి, చివరి మాట నుంచి వెనక్కి చూద్దాం. ‘ఇచ్చినట్లు పరిగణించబడుతుంది’ అంటే ఇవ్వకపోయినా ఇచ్చారనుకుంటాం అని. ఇలా ‘ఇచ్చినట్టే’ అనుకునే సమ్మతి 2022 నాటి ముసాయిదా బిల్లులో ఆ పేరుతోనే ఉండేది. 2023 చట్టంలో ఆ పేరు లేదు. దాని స్థానంలో, సమ్మతి లేకుండా డేటా వాడుకోగల కొన్ని సందర్భాలను వేరే సెక్షన్‌లో పెట్టారు. కాబట్టి మనిషి బటన్ నొక్కి ఇచ్చే సమ్మతికి ‘ఇచ్చినట్లు’ తగిలిస్తే అర్థమే మారిపోతుంది.

తర్వాత ‘భద్రపరచి’. మూలంలో ఆ మాట లేనే లేదు, అనువాదకుడి అలవాటు కొద్దీ వచ్చి చేరింది. ‘స్టోర్’ ఉన్నచోట కూడా ఇది తప్పే. ఎందుకంటే తెలుగులో భద్రపరచడం అంటే దాచడమే కాదు, క్షేమంగా ఉంచుతామన్న హామీ కూడా. కంపెనీ ఇవ్వని హామీని మనం ఇచ్చేస్తున్నాం. ‘నిల్వ చేస్తాం’ అంటే చాలు. నేను చూసిన అనువాదాల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే, ఎవరూ పట్టుకోని తప్పు కూడా ఇదే.

‘ప్రాసెస్’కు ‘వాడుకోవడం’ అని రాయాలనిపిస్తుంది. నాకూ ఇష్టమే. కానీ చట్టంలో ఆ మాట కింద సేకరించడం, నిల్వ చేయడం, ఇతరులకు ఇవ్వడం, చెరిపేయడం కూడా వస్తాయి. అందుకని ‘ప్రాసెస్ చేయడం’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అందులో ఏమేమి ఉన్నాయో ఒక వాక్యంలో చెప్పండి.

‘అగ్రీ’, ‘కన్సెంట్’ రెండూ ‘అంగీకారం’ అయిపోకూడదు. సేవా నిబంధనలకు అంగీకరిస్తాం, అది ఒప్పందం. డేటాకు సమ్మతి ఇస్తాం, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పదకోశంలో రెండు వరసలు వేరుగా పెట్టుకుని చివరిదాకా కలపకుండా చూసుకోండి.

ఇప్పుడు తిరగరాద్దాం. చెక్‌బాక్స్ పక్కన ఉండే మాటలు కాబట్టి ఉత్తమ పురుషలో రాస్తాను. మాట ఇస్తున్నది చదివే మనిషే కదా. పురుష మార్చిన సంగతి క్లయింటుకు తప్పక చెప్పాలి.

“నాకు వైద్య సలహా సేవలు అందించడానికి నా వ్యక్తిగత డేటాను, నా ఆరోగ్య వివరాలతో సహా, ఈ యాప్ సంస్థ ప్రాసెస్ చేసేందుకు నేను సమ్మతిస్తున్నాను.”

బటన్ మీద ‘సరే’ అని గానీ, ‘కొనసాగించు’ అని గానీ వద్దు. ‘సమ్మతిస్తున్నాను’ అనే ఉండాలి. ‘సర్వీసెస్’ అన్నదాన్ని ‘వైద్య సలహా సేవలు’ చేశాను చూశారా? అది నా సొంత నిర్ణయం కాకూడదు. క్లయింటుకు ఇలా రాయాలి: “మూలంలో సేవలేమిటో చెప్పలేదు. నోటీసులో డేటా ఒక్కొక్కటీ విడిగా, ఏ సేవకో స్పష్టంగా ఉండాలని రూల్స్ అంటున్నాయి. ఇక్కడ వైద్య సలహా సేవలు అని రాయవచ్చా? ‘వ్యక్తిగత డేటా’లో ఏవేవి వస్తాయో జాబితా ఇవ్వగలరా?” జవాబు వచ్చేదాకా ‘మా సేవలు’ అనే ఉంచండి. జాబితా వస్తే దాని చివర ‘మొదలైనవి’ తగిలించకండి.

అదే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు కూడా అడిగిందనుకోండి. చట్టంలోనే ఇలాంటి ఉదాహరణ ఉంది: వైద్య సలహాకు కాంటాక్టుల జాబితా అవసరం లేదు కాబట్టి, రెండింటికీ సరేనన్నా సమ్మతి మొదటిదానికే చెల్లుతుంది. మూలంలో రెండూ ఒకే వాక్యంలో ఉంటే మీరు తెలుగులో విడదీయకండి, ‘అవసరమైన’ అన్న మాట కలిపి నున్నగా చేయకండి. ఉన్నది ఉన్నట్టు అనువదించి పక్కన ప్రశ్న పెట్టండి.

వెనక్కి తీసుకోవడం గురించి ఒక్క మాట. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలని చట్టం. భాషకూ ఇదే వర్తిస్తుంది. ఒక బటన్ మీద ‘సమ్మతిస్తున్నాను’ అని, ఇంకో చోట ‘సమ్మతి ఉపసంహరణ అభ్యర్థన’ అని ఉంటే రెండోదాన్ని ఎవరు నొక్కుతారు? ‘సమ్మతి వెనక్కి తీసుకుంటాను’ అని రాయండి.

ఈ వారం అభ్యాసం: “వి విల్ రిటైన్ యువర్ డేటా యాజ్ లాంగ్ యాజ్ నెసెసరీ.” కర్తతో సహా తెలుగు చేసి, క్లయింటును అడగాల్సిన ప్రశ్న ఒకటి దాని కింద రాయండి. వచ్చే పాఠంలో సేవా నిబంధనలు మొదలుపెడదాం, తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందనే క్లాజుతో.