ట్రాన్సిస్టర్ మార్చినా బయాస్ చెదరకుండా

విజయనగరంలో మా ఇంటి మైకు ఆంప్లిఫయర్‌లో పాడైన బీసీ 547 ట్రాన్సిస్టర్‌ను అదే నంబరుతో మార్చినా ధ్వని బొంగురుపోయేది. బేస్‌కు ఒకే రెసిస్టర్ ఉండడంతో, ఒక్కో ట్రాన్సిస్టర్ గెయిన్‌ను బట్టి కలెక్టర్ కరెంటు మారిపోవడమే దానికి కారణం.

అందుకే బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌లో ధ్వని లేనప్పుడూ పారే కరెంటు, గెయిన్‌పై ఆధారపడకుండా 12 వోల్టుల సరఫరా నుంచి బేస్‌కు 56 కిలోఓమ్‌లు, బేస్ నుంచి గ్రౌండుకు 10, కలెక్టర్‌కు 4.7, ఎమిటర్‌కు 1 కిలోఓమ్ పెట్టాను. ఎమిటర్ రెసిస్టర్ సరిగ్గా 1 కిలోఓమ్ కావడం ఎంతో సౌకర్యం: తీగ తెంచే పని లేకుండా, దానిపై మీటరు చూపే వోల్టులనే మిల్లీఆంపియర్లుగా చదువుకోవచ్చు. నాకు 1.1 వచ్చింది, కలెక్టర్ వద్ద సుమారు 6.8 వోల్టులు నిలిచాయి. మరో ట్రాన్సిస్టర్ పెట్టి చూసినా ఈ అంకెలు దాదాపు కదలలేదు.

అయితే కరెంటు ఆదా కోసం బేస్ వద్ద 560, 100 కిలోఓమ్‌లు వాడితే, బేస్ లాక్కునే కరెంటుకే అక్కడి వోల్టేజి కుంగి, పాత తేడా మళ్లీ కనిపిస్తుంది.