కొటేషన్‌ని కత్తిరిస్తున్నారా? వాక్యం తోక దగ్గర జాగ్రత్త

డిసెంబరు వచ్చిందంటే విజయవాడలో పుస్తకాల హడావుడి మొదలవుతుంది. జనవరి పుస్తక మహోత్సవానికి ముందే రావాల్సిన కొత్త పుస్తకాలు, ఎవరిదో ఒకరి శతజయంతి సంచిక, ఇటు గుంటూరు వైపు థీసిస్ గడువులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. రాత్రి పదింటికి డీటీపీ అబ్బాయి ఫోన్ చేసి "సార్, మీ వ్యాసం అరపేజీ ఎక్కువైంది, ఎక్కడో ఒకచోట తగ్గించండి" అంటాడు. అప్పుడు చెయ్యి ముందు కొటేషన్ల మీదికే పోతుంది. సొంత వాక్యం కోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది కానీ, ఎదుటివాళ్ల వాక్యం కోయడానికి మనకేం బాధ! మూడు చుక్కలు పెడితే సరిపోతుందనుకుంటాం.

చుక్కలు చెప్పేది ఒక్కటే, ఇక్కడ కొన్ని మాటలు తీసేశారని. తీసేసినవి ముఖ్యమైనవా కాదా అన్నది చదివేవాళ్లకు తెలిసే దారి లేదు, మనల్ని నమ్మి ముందుకు పోతారు. స్క్వేర్ బ్రాకెట్ల పని వేరు: లోపల ఉన్న మాట రచయిత రాసింది కాదు, కొటేషన్ ఇస్తున్న మనిషి చేర్చింది అని చెప్పడం. మామూలు గుండ్రటి బ్రాకెట్లు ఆ పనికి రావు, ఎందుకంటే అవి రచయితే తన వాక్యంలో పెట్టుకొని ఉండొచ్చు.

తెలుగులో అసలు ప్రమాదం వాక్యం చివర ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, "లేదు", "కాదు" దానికి అతుక్కొని వస్తాయి, "అని కొందరంటారు" అన్న తోక అంతకంటే ఆలస్యంగా వస్తుంది. అంటే రచయిత ఆ మాటను ఒప్పుకుంటున్నాడా, కొట్టిపారేస్తున్నాడా, ఇంకెవరో అన్నది చెబుతున్నాడా అన్నది చివరి దాకా తేలదు. మనమేమో జాగా కోసం కోసేది సరిగ్గా ఆ చివరే.

ఒక పేరా తీసుకుందాం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, ఉదాహరణ కోసం నేనే రాశాను. ఒక పెద్దాయన తన ఊరి జ్ఞాపకాల్లో ఇలా రాశాడనుకోండి:

"ఈ ఆనకట్ట వచ్చాక డెల్టాలో కరువనేది లేకుండా పోయిందని మా చిన్నప్పుడు బళ్లో చెప్పేవారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. కానీ కాలవ చివరి ఊళ్లకు నీళ్లు అన్ని ఏళ్లూ సమంగా అందలేదు. గట్లు బాగుండి, పూడిక తీసిన ఏడు చివరి ఊరికీ నీళ్లు వెళ్తాయి. అలాంటి ఏళ్లు మాత్రం తక్కువ."

దీన్ని తగ్గించమంటే తొందరలో జరిగేది ఇది: "ఈ ఆనకట్ట వచ్చాక డెల్టాలో కరువనేది లేకుండా పోయింది..." ఎంత తేలిగ్గా జరిగిపోయిందో చూడండి. "పోయిందని"లో ఆ చివరి "అని" ఒక్కటి ఎగిరిపోయింది, దాంతో బళ్లో మేష్టార్లు చెప్పిన మాట పెద్దాయన సొంత అభిప్రాయమై కూర్చుంది, అదీ ఆయన తర్వాతి వాక్యాల్లో కాదంటున్న అభిప్రాయం. ఇంకో సంగతి, సంధిలో కలిసిపోయిన అక్షరాన్ని కోసేస్తే మనం మాటను తీసెయ్యడంతో ఆగలేదు, మాటనే మార్చేశాం. చుక్కలకు ఆ అధికారం లేదు.

రెండో రకం కోత ఇంకా చాటుగా ఉంటుంది: "కాలవ చివరి ఊళ్లకు నీళ్లు [...] అందలేదు." పోయినవి మూడే మాటలు, "అన్ని ఏళ్లూ సమంగా". వ్యాకరణం చక్కగా కుదిరింది, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ రచయిత అన్నది కొన్నేళ్లు సరిగా రాలేదని, ఇప్పుడు కనిపిస్తున్నది అసలు రాలేదని. "అన్నీ", "ఎప్పుడూ", "అందరూ", "పూర్తిగా" లాంటి మాటలు "లేదు", "కాదు"తో కలిసి ఉన్నచోట మధ్యలో చుక్కలు పెట్టకండి, కావాలంటే ఇంకెక్కడైనా కోసుకోండి. "గట్లు బాగుండి, పూడిక తీసిన ఏడు" అన్న షరతు కూడా అంతే. అది తీసి "చివరి ఊరికీ నీళ్లు వెళ్తాయి" అని వేస్తే, పెద్దాయన ఇరిగేషన్ శాఖ తరఫున హామీ ఇచ్చినట్టుంటుంది.

మరి ఎలా కోయాలి? నేనైతే ఇలా కోస్తాను:

"ఈ ఆనకట్ట వచ్చాక డెల్టాలో కరువనేది లేకుండా పోయిందని [...] బళ్లో చెప్పేవారు. [...] కానీ కాలవ చివరి ఊళ్లకు నీళ్లు అన్ని ఏళ్లూ సమంగా అందలేదు."

పేరా సగానికి తగ్గింది. ఎవరు ఏమన్నారో, ఎక్కడ మలుపు తిరిగిందో అలాగే ఉంది. "నేనూ చాలాకాలం అదే నమ్మాను" పోయింది, నీళ్ల గురించి రాసే వ్యాసానికి అది పోయినా నష్టం లేదు. మీ వ్యాసం ఆ పెద్దాయన ఆలోచన ఎలా మారిందన్న దాని గురించైతే మాత్రం ఆ వాక్యమే ప్రాణం, అప్పుడు ఇంకేదైనా తీయండి.

చుక్కల్ని బ్రాకెట్లో ఎందుకు పెట్టానంటే, మన రచయితలకు చుక్కలంటే మహా ప్రేమ, నిట్టూర్పుకీ చుక్కలే, తటపటాయింపుకీ చుక్కలే. అవి ఆయనవో మీవో తెలియాలంటే మీరు పెట్టినవి బ్రాకెట్లో ఉండటమే మేలు.

ఇక "ఈ ఆనకట్ట" అంటే ఏది? పేరాని పుస్తకం నుంచి పీకేశాం కాబట్టి "ఈ" అన్నది గాల్లో వేలాడుతోంది, బ్రాకెట్ అవసరం ఇక్కడే. కానీ తొందరపడకండి. బెజవాడ దగ్గర పాత కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పుడు మనం రోజూ దాటే ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. రెండింటికీ వందేళ్లకు పైగా తేడా. ముందు పేజీలు తిరగేసి, పాతదేనని తేలాక "ఈ [1855 నాటి కృష్ణా] ఆనకట్ట" అని రాయండి. తేలకపోతే బ్రాకెట్ జోలికే వెళ్లొద్దు, "ఏ ఆనకట్టో రచయిత చెప్పలేదు" అని మీ వాక్యంలో రాసేయండి. బ్రాకెట్లో ఊహ రాస్తే అది ఊహలా కనిపించదు, వివరంలా కనిపిస్తుంది, రేపు మీ వ్యాసం చూసి రాసేవాడు బ్రాకెట్ కూడా తీసేసి దాన్ని రచయిత మాటగానే వాడేస్తాడు.

"నేనూ నమ్మాను"ని "[ఆయనా] నమ్మా[డు]" అని మార్చేవాళ్లున్నారు. ఇంగ్లీషు పద్ధతి పుస్తకాలు చూసి వచ్చిన అలవాటు ఇది. తెలుగుకు ఈ తిప్పలు అక్కర్లేదు. "నేనూ చాలాకాలం అదే నమ్మాను" అని ఆయనే రాశారు, అంటే చాలు, మన "అని" ఉన్నదే అందుకు. కొటేషన్‌లో ఒకటి రెండు బ్రాకెట్లు దాటాయంటే కొటేషన్ గుర్తులు తీసేసి సొంత మాటల్లో సారాంశం రాసి, పేజీ నంబరు ఇవ్వండి.

పంపేముందు ఒక పరీక్ష: కోసిన ముక్కను మూలం చదవని మనిషికి చూపించి, "ఇంతకీ రచయిత ఏమంటున్నాడు?" అని అడగండి. జవాబు విన్నాక మూలం పేరా ఆయన చేతిలో పెట్టండి. "ఓహో, ఇదా" అన్నాడంటే కోత తప్పినట్టే. మీరే చదువుకుంటే ఇది పట్టుబడదు, తీసేసిన మాటలు మీ బుర్రలో ఇంకా ఉంటాయి కదా.

చివరగా ప్రూఫు. యూనికోడ్‌లో కొట్టినదాన్ని పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చినప్పుడు స్క్వేర్ బ్రాకెట్లు వేరే గుర్తులుగా మారిపోవచ్చు, లేదా డీటీపీ అబ్బాయే చూడ్డానికి బాగుంటుందని గుండ్రటివి పెట్టేయొచ్చు. మొత్తం వ్యాసం మళ్లీ చదివే టైము లేకపోయినా, కొటేషన్ల వరకు మూలం పక్కన పెట్టుకొని ప్రింటు కాపీ మీద చూడండి, ఫోన్లో వచ్చిన పీడీఎఫ్‌లో చుక్కలు రెండో మూడో కూడా సరిగా కనపడవు.